రూటర్ మార్చాక స్మార్ట్ బల్బు యాప్‌లో కనబడకపోతే: పాత పేరు, నెమ్మది బ్యాండ్, మళ్లీ జత చేసే పద్ధతి

నెల్లూరు వేదాయపాళెంలో ఉన్న మా మేనమామ ఇంట్లో ఇంటర్‌నెట్ కనెక్షన్ మార్చిన రోజు సాయంత్రం వరండా లైటు వెలగలేదు. ఆ ఇంట్లో వైఫైతో పనిచేసే వస్తువులు మూడే ఉన్నాయి. సాయంత్రం 6:15కు వెలిగి తెల్లవారుజామున 5:30కు ఆరిపోయే వరండా బల్బు ఒకటి, అలాగే నడిచే గేటు బల్బు ఒకటి, హాల్లో చేపల తొట్టికి గాలి కొట్టే చిన్న పంపును నడిపే ప్లగ్ ఒకటి. పంపు గంటసేపు ఆగి, అరగంట నడిచేటట్టు దానికి టైమర్ పెట్టి ఉంది. రాత్రి ఎనిమిదింటికి మామయ్య ఫోన్ చేశాడు. "ఒరే అబ్బాయ్, యాప్‌లో లైట్లన్నీ బూడిదరంగులో ఉన్నాయి. గేటు లైటును తీసేసి మళ్లీ పెడదామని తీసేశాను. ఇప్పుడు అది కనబడనే కనబడదు. ఏందిరా ఇది?"

ఆయన చేసిన పొరపాటు ఆ తీసేయడమే. మిగిలిన రెండు వస్తువులనూ కొత్తగా జత చేయకుండానే ఆ రాత్రి తిరిగి పనిచేయించగలిగాము గానీ, గేటు బల్బు కోసం మరునాడు నిచ్చెన వేయవలసి వచ్చింది. మీ ఇంట్లో కూడా రూటర్ మారి బల్బులు మాయమైతే ఏ వరుసలో ఏమి చేయాలో, ఆ రెండు రోజుల అనుభవాన్ని దగ్గర పెట్టుకుని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా దేనినీ తీసేయకండి

స్మార్ట్ బల్బుకు మీ రూటర్ తెలియదు. మొదటిసారి జత చేసినప్పుడు మీరిచ్చిన వైఫై పేరు, పాస్‌వర్డ్ అనే రెండు మాటలను అది తన మెమొరీలో రాసుకుని, కరెంటు వచ్చిన ప్రతిసారీ ఆ పేరును గాలిలో వెతుక్కుంటుంది. రూటర్ మారిందంటే ఆ పేరు గాలిలో లేదన్నమాట. బల్బు చెడిపోలేదు, యాప్ చెడిపోలేదు, బల్బు మాత్రం పాత పేరునే పిలుస్తూ కూర్చుంది. యాప్‌లో దాని పక్కన `Offline` అని బూడిదరంగులో కనబడుతున్నంత కాలం, దానికి మీరు పెట్టిన పేరు, గది, టైమర్లు అన్నీ మీ ఖాతాలో భద్రంగా ఉంటాయి. చాలా యాప్‌లలో అదే బల్బును అదే ఖాతాకు మళ్లీ జత చేసినప్పుడు కూడా ఆ వివరాలు తిరిగి అతుక్కుంటాయి. `Remove Device` నొక్కితే మాత్రం టైమర్లు దానితో పాటే పోతాయి. కొన్ని యాప్‌లు ఆ చోట `Disconnect`, `Disconnect and Wipe Data` అని రెండు దారులు చూపిస్తాయి. రెండోది నొక్కితే పాత వివరాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. మా మామయ్య నొక్కింది అదే.

బల్బు బూడిదరంగులో కూడా లేకుండా జాబితా నుంచే పూర్తిగా పోయి ఉంటే, అది రూటర్ పని కాదు. రూటర్ మారినందువల్ల బల్బు ఆఫ్‌లైన్ అవుతుందే తప్ప, ఖాతాలోనుంచి ఊడిపోదు. అటువంటప్పుడు మూడు విషయాలు చూడండి. ఇంట్లో ఎవరైనా దాన్ని తీసేశారా అన్నది మొదటిది. యాప్‌లోకి ఇప్పుడు ప్రవేశించిన ఫోన్ నంబరు గానీ మెయిల్ గానీ బల్బును మొదట జత చేసినదేనా అన్నది రెండోది. యాప్‌లో పైన కనబడే ఇంటి పేరు మారి, ఖాళీగా ఉన్న వేరొక ఇంటిని మీరు చూస్తున్నారా అన్నది మూడోది. ఇక బల్బు కంపెనీ యాప్‌లో చక్కగా కనబడుతూ, మాటతో నడిపించే యాప్‌లో మాత్రమే కనబడకపోతే, ఆ రెండు ఖాతాల మధ్య ముడి తెగిందని అర్థం. దాని సంగతి చివర చెబుతాను.

పాత పేరు, పాత పాస్‌వర్డ్ వెతికి పట్టుకోవడం

బల్బు పాత పేరును వెతుకుతోంది కాబట్టి, కొత్త రూటర్‌కు ఆ పాత పేరే పెట్టడం అన్నింటికన్నా తేలికైన దారి. పేరు, పాస్‌వర్డ్ రెండూ అక్షరం పొల్లుపోకుండా సరిపోతే బల్బు కొత్త రూటర్‌ను పాతదే అనుకుని తనంతట తాను చేరిపోతుంది. ఇంట్లో ఇటువంటి వస్తువులు పది ఉన్నా, పదింటినీ ఒక్కొక్కటిగా జత చేసే పని తప్పుతుంది.

ఇక్కడ అక్షరం పొల్లుపోకుండా అన్న మాటను పట్టుకోండి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేర్వేరుగా లెక్కకు వస్తాయి. పదాల మధ్య ఖాళీ ఉంటే అదీ ఒక అక్షరమే. మామయ్య పాత వైఫై పేరు "సంపంగి హోమ్" అని నోటితో చెప్పాడు. దాన్ని `SampangiHome` అని కలిపి కొట్టి పావుగంట ఎదురుచూశాను, ఏ బల్బూ కదల్లేదు. అసలు పేరు `Sampangi Home`, మధ్యలో ఖాళీతో. అందువల్ల జ్ఞాపకం మీద ఆధారపడకుండా, పాత పేరును దాచుకున్న ఫోన్‌లోనే చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై సెట్టింగులలోకి వెళ్లి, సేవ్ అయిన నెట్‌వర్కుల జాబితా తెరిచి, పాత పేరు మీద నొక్కి షేర్ ఎంచుకుంటే క్యూఆర్ కోడ్ వస్తుంది. చాలా ఫోన్లలో దాని కిందనే పాస్‌వర్డ్ కూడా అక్షరాలలో కనబడుతుంది. ఐఫోన్‌లో ఐఓఎస్ 16 నుంచి వైఫై పేజీలో పైన ఉన్న `Edit` నొక్కితే పాత నెట్‌వర్కులూ వాటి పాస్‌వర్డులూ చూసుకోవచ్చు. ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్ ఒకటి పాత వైఫైకి ఎప్పుడైనా కలిసి ఉంటే, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ వరుసను మీ పాత పేరుతో కొట్టండి. వచ్చిన వివరాలలో `Key Content` అన్న చోట పాస్‌వర్డ్ ఉంటుంది.

```
netsh wlan show profile name="Sampangi Home" key=clear
```

పాత రూటర్‌ను కంపెనీ మనిషి పట్టుకుపోకుండా ఇంట్లోనే వదిలి ఉంటే, పేరు చూసుకోవడానికి దాన్ని ఒక్క నిమిషం కరెంటుకు పెట్టవచ్చు, ఇంటర్‌నెట్ తీగ లేకపోయినా పేరు గాలిలోకి వస్తుంది. చూసిన వెంటనే ఆపేయండి. అది నడుస్తూ ఉండగా కొత్తదానికీ అదే పేరు పెడితే, బల్బు పోయి ఇంటర్‌నెట్ లేని పాత రూటర్‌కు అతుక్కుని, ఎంతసేపైనా ఆఫ్‌లైన్ అనే చూపిస్తుంది.

కొత్త రూటర్‌లో పాత పేరు పెట్టడం, నెమ్మది బ్యాండ్ సంగతి

కొత్త రూటర్ వైఫైకి ఫోన్‌ను కలిపి, బ్రౌజర్‌లో రూటర్ చిరునామా కొట్టండి. ఎక్కువగా అది `192.168.1.1` గానీ `192.168.0.1` గానీ అయి ఉంటుంది. సరైన చిరునామా, లోపలికి వెళ్లే యూజర్ పేరు, పాస్‌వర్డ్ రూటర్‌ను తిరగేస్తే అడుగున అంటించిన స్టిక్కర్ మీద ఉంటాయి. ఆ అక్షరాలు చీమల బారులా ఉంటాయి కాబట్టి, ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకుని చదవడం సులువు. స్టిక్కర్ మీద రెండు పాస్‌వర్డులు కనబడితే ఒకటి వైఫైది, మరొకటి ఈ సెట్టింగుల పేజీది. ఆ పాస్‌వర్డ్‌ను కనెక్షన్ ఇచ్చిన మనిషి మార్చి ఉంటే ఆయనకే ఫోన్ చేసి అడగాలి, లేదా పేరు మార్చి పెట్టమనాలి. మామయ్య విషయంలో స్టిక్కర్ మీదిదే పనిచేసింది.

లోపల వైఫై పేజీలో ఇప్పటి రూటర్లలో రెండు బ్యాండ్లు ఉంటాయి, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. రెండోది వేగమైనది, కానీ గోడలు దాటేసరికి చిక్కిపోతుంది. మొదటిది నెమ్మది, కానీ దూరం పోతుంది, ఇటుక గోడలను బాగా దాటుతుంది. దుకాణంలో దొరికే స్మార్ట్ బల్బులలోనూ ప్లగ్‌లలోనూ దాదాపు అన్నింటిలో ఉండేది 2.4 బ్యాండ్ రేడియో ఒక్కటే. వెలుగు, ఆరిపో అన్న కబురుకు వేగం అవసరం లేదు, గేటు దాకా చేరడం అవసరం, రేడియో చిప్ చవకగా ఉండడం అంతకన్నా అవసరం. 5 బ్యాండ్‌లో మీరు ఏ పేరు పెట్టినా ఆ బల్బు చెవికి అది వినబడదు. పేరు చివర `_5G` అని ఉన్న నెట్‌వర్క్‌ను చూసి, అది మొబైల్ 5జీ కాబట్టి బాగుంటుందని బల్బుకు అదే ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. ఆ 5జీకి, మొబైల్ సిమ్ 5జీకి ఏ సంబంధమూ లేదు, అది 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ అని చెప్పడానికి పెట్టిన గుర్తు మాత్రమే.

కాబట్టి పాత పేరు, పాత పాస్‌వర్డ్‌ను 2.4 బ్యాండ్‌కు పెట్టండి. చాలా కొత్త రూటర్లు రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టి, ఏ వస్తువును ఏ బ్యాండ్‌కు పంపాలో తామే నిర్ణయిస్తాయి. సెట్టింగులలో దీన్ని `Smart Connect` అనో `Band Steering` అనో రాసి ఉంటారు. అది నడుస్తున్నా, పేరు సరిపోతే పాత బల్బులు మామూలుగా చేరుతాయి, ఎందుకంటే వాటికి వెళ్లడానికి ఉన్నది ఒకే దారి. అయితే దాన్ని ఆపి, 2.4కు `Sampangi Home` అనీ, 5కు `Sampangi Fast` అనీ వేర్వేరు పేర్లు పెట్టుకోవడమే నా సలహా. ఫోన్లు, టీవీ వేగమైన దానికి వెళతాయి, బల్బులు నెమ్మది దానిలో ఉంటాయి, రేపు కొత్త బల్బు కొన్నప్పుడు ఫోన్ ఏ బ్యాండ్‌లో ఉందో కళ్లకు కనబడుతుంది.

అదే పేజీలో మరి రెండు గడులు చూడాలి. సెక్యూరిటీ అన్న చోట `WPA3` ఒక్కటే ఎంచి ఉంటే, దాన్ని ఎరగని పాత బల్బులు పాస్‌వర్డ్ సరైనదైనా లోపలికి రాలేవు. 2.4 బ్యాండ్‌కు `WPA2-PSK` ఎంచి, `AES` ఉంచండి. రెండింటినీ కలిపిన `WPA2/WPA3` పద్ధతిలో కొన్ని బల్బులు చేరుతాయి, కొన్ని మొండికేస్తాయి. ఇక ఛానల్ అన్న చోట `Auto` ఉంటే రూటర్ ఒక్కోసారి 12, 13 ఛానళ్లలో కూర్చుంటుంది. మన దేశంలో అవి చెల్లుతాయి గానీ, 11తో ఆగిపోయే అమెరికా లెక్కన తయారైన బల్బులకు అవి కనబడవు. ఫోన్‌కు వైఫై పేరు చక్కగా కనబడుతూ బల్బుకు మాత్రం దొరకకపోతే మొదట అనుమానించవలసింది దీన్నే. 1, 6, 11లలో ఒకటి ఎంచుకోండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి.

పేరు మార్చి సేవ్ చేయగానే మీ ఫోన్ వైఫై ఊడిపోతుంది. కంగారుపడకండి, పేరు మారింది కాబట్టి ఫోన్‌ను కొత్త పేరుకు మళ్లీ కలుపుకోవాలి.

ఇంట్లో అందరికీ కొత్త పేరు అలవాటైపోయి ఉండి, దాన్ని మార్చవద్దని ఇంటివాళ్లు పట్టుబడితే మరో దారి ఉంది. గెస్ట్ నెట్‌వర్క్ అనే సదుపాయాన్ని 2.4 బ్యాండ్‌లో మాత్రమే తెరిచి, దానికి పాత పేరు, పాత పాస్‌వర్డ్ ఇవ్వండి. ఫైబర్ కంపెనీలు ఇచ్చే పెట్టెలలో గెస్ట్ అన్న మాటకు బదులు `SSID2`, `SSID3` అని అదనపు పేర్ల గడులు ఉండవచ్చు, వాటిలో ఒకదాన్ని వాడుకోవచ్చు. బల్బులు ఆ పక్క తలుపులోనుంచి లోపలికి వస్తాయి. గెస్ట్ నెట్‌వర్క్‌లోని వస్తువులను ఇంట్లోని మిగతా వస్తువులతో మాట్లాడనివ్వకుండా రూటర్ అడ్డుకుంటుంది కాబట్టి, ఇంటర్‌నెట్ లేనప్పుడు ఫోన్‌నుంచి నేరుగా బల్బును నడపడం కుదరకపోవచ్చు. ఇంటర్‌నెట్ ఉన్నప్పుడు కబురు కంపెనీ సర్వర్ మీదుగా తిరిగి వస్తుంది కాబట్టి ఇబ్బంది ఉండదు.

బల్బు చేరిందో లేదో ఎలా తెలుస్తుంది

పేరు పెట్టాక అయిదు నిమిషాలు ఆగండి. యాప్‌లో బూడిదరంగు పోయి రంగు వస్తే పని అయిపోయినట్టే. రాకపోతే బల్బు స్విచ్‌ను ఒక్కసారి ఆపి, పది సెకన్లు లెక్కపెట్టి, మళ్లీ వేయండి. ఒక్కసారే, ఎందుకంటే వెంటవెంటనే మూడు నాలుగుసార్లు వేసి ఆర్పితే చాలా బల్బులు దాన్ని "నన్ను కొత్తగా జత చేయండి" అన్న ఆజ్ఞగా తీసుకుని టపటపా మెరవడం మొదలుపెడతాయి. ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చి పోయి వచ్చినప్పుడు బల్బు ఊరకే మెరుస్తూ దర్శనమివ్వడానికి కారణమూ ఇదే. అలా పొరపాటున మెరవడం మొదలైతే, ముట్టుకోకుండా కొన్ని నిమిషాలు వదిలేయండి. చాలా బల్బులు ఎవరూ జత చేయకపోతే విసుగుపడి పాత పేరుకే తిరిగిపోతాయి. కొన్ని రకాలు మాత్రం పాత పేరును మరిచిపోతాయి, వాటిని కొత్తగా జత చేయక తప్పదు.

యాప్ ఇంకా ఏమీ చూపించకపోతే రూటర్ పేజీలోనే కలిసి ఉన్న వస్తువుల జాబితా చూడండి. `ESP_` అని మొదలయ్యే వింత పేరు గానీ, పేరు లేని కొత్త వస్తువు గానీ 2.4 బ్యాండ్ కింద కనబడితే, బల్బు రూటర్ దాకా వచ్చినట్టు. అప్పుడు లోపం యాప్ వైపునో ఇంటర్‌నెట్ వైపునో ఉంది. జాబితాలో ఏమీ లేకపోతే పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ, ఛానల్ ఈ నాలుగింటిలో ఏదో తప్పుంది. మామయ్య ఇంట్లో ఖాళీ సరిచేసిన రెండో నిమిషంలో చేపల తొట్టి ప్లగ్ టక్కుమని శబ్దం చేసి పంపు నడిచింది. వరండా బల్బు మరికొంచెం ఆలస్యంగా, స్విచ్ ఒకసారి ఆర్పి వేసిన తరువాత వెలిగింది. అత్తయ్య చేపలు బతికాయా అని తొట్టిలోకి తొంగిచూసింది, మామయ్య గేటు వైపు చూశాడు.

తీసేసిన బల్బును మళ్లీ జత చేయడం

గేటు బల్బుకు పాత పేరు ఉపయోగపడలేదు. యాప్‌లో తీసేయడంతో అది ఖాతాలోనుంచే పోయింది, ఇక పాత పేరుకు కలిసినా యాప్‌లోకి తిరిగి రాదు. పాత పాస్‌వర్డ్ దొరకనివాళ్లకు కూడా ఇదే దారి. ఇక్కడే నెమ్మది బ్యాండ్ ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది, ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను.

జత చేసే మామూలు పద్ధతిలో ఫోన్ మీ వైఫై పేరును, పాస్‌వర్డ్‌ను రహస్య సంకేతాలుగా మార్చి గాలిలోకి వదులుతుంది. బల్బు చెవి రిక్కించుకుని వాటిని పట్టుకోవాలి. ఫోన్ వేగమైన 5 బ్యాండ్‌లో ఉంటే ఆ సంకేతాలన్నీ ఆ బ్యాండ్‌లోనే పోతాయి, 2.4 మాత్రమే వినగల బల్బుకు ఒక్క ముక్కా అందదు. యాప్ వంద శాతం దాకా లెక్కపెట్టి, జత కాలేదని చెబుతుంది. పాస్‌వర్డ్ సరైనదే, బల్బు మెరుస్తూనే ఉంది, అయినా మూడుసార్లు ఓడిపోతున్నారంటే చాలావరకు కారణం ఇదే.

కనుక వరుస ఇలా ఉండాలి. ముందు ఫోన్‌ను 2.4 పేరుకు కలపండి. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉండి, రూటర్ దాన్ని విడదీయనివ్వకపోతే, జత చేసేంతవరకు 5 బ్యాండ్‌ను ఆపేసి, తరువాత మళ్లీ తెరవండి. అదీ కుదరకపోతే ఫోన్ పట్టుకుని 5 బ్యాండ్ అందని దూరానికి, మేడ మీదికో గేటు బయటికో పోతే ఫోన్ దానంతట అదే 2.4లోకి దిగుతుంది. నమ్మకమైన పద్ధతి అని చెప్పను గానీ, వేరే దారి లేనప్పుడు పనికివచ్చింది. ఆండ్రాయిడ్‌లో వైఫై వివరాల పేజీలో ఫ్రీక్వెన్సీ అన్న చోట చూస్తే ఫోన్ ఏ బ్యాండ్‌లో ఉందో తెలుస్తుంది.

ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి, యాప్‌కు అనుమతి ఇవ్వండి. లైటుకు మన లొకేషన్ ఎందుకని చాలామంది కాదంటారు, అది న్యాయమైన అనుమానమే. అయితే మీరు ఏ వైఫైలో ఉన్నారో యాప్ తెలుసుకోవాలంటే ఆండ్రాయిడ్‌లో ఈ అనుమతి ఉండాలి. జత అయ్యాక వెనక్కి తీసుకోవచ్చు. ఐఫోన్‌లో అయితే లోకల్ నెట్‌వర్క్ అనుమతి కూడా కావాలి. ఈమధ్య బల్బులు జత చేయడానికి బ్లూటూత్ వాడుతున్నాయి కాబట్టి దాన్ని కూడా ఆన్ చేసి ఉంచండి. అటువంటి బల్బుకు ఫోన్ ఏ బ్యాండ్‌లో ఉన్నా పరవాలేదు, కానీ యాప్ అడిగినప్పుడు మీరు ఇచ్చే వైఫై పేరు మాత్రం 2.4దే కావాలి. వీపీఎన్ ఉంటే ఆపండి.

ఇప్పుడు బల్బును జత చేసే స్థితికి తేవాలి. స్విచ్ వేసి ఆర్పి, వేసి ఆర్పి, వేసి ఆర్పి, మళ్లీ వేయండి. ఒక్కొక్క దానికీ మధ్య ఒక సెకను, రెండు సెకన్లు వదలండి. మరీ గబగబా కొడితే బల్బు లోపల మిగిలిన కరెంటు వల్ల అది ఆరినట్టే లెక్కించదు. కొన్ని కంపెనీల బల్బులకు మూడుసార్లు, కొన్నింటికి అయిదుసార్లు కావాలి, పెట్టె మీద ఉంటుంది. కొన్నింటిలో మూడుసార్లు వేస్తే వైఫై మాత్రమే పోతుంది, అయిదుసార్లు వేస్తే మొత్తం కొత్తదైపోతుంది, అందుకని తక్కువ లెక్కతో మొదలుపెట్టడం మేలు. ప్లగ్ అయితే దాని బొత్తాన్ని అయిదు సెకన్లకు పైగా, దీపం మెరిసేదాకా, నొక్కి పట్టాలి.

మెరుపును గమనించండి. సెకనుకు రెండుసార్లు గబగబా మెరిస్తే పైన చెప్పిన మామూలు పద్ధతికి సిద్ధంగా ఉన్నట్టు. అది రెండుసార్లు ప్రయత్నించినా కుదరకపోతే, అదే మెరుపులో ఉండగా మళ్లీ స్విచ్‌ను మూడుసార్లు వేసి ఆర్పండి, మెరుపు మూడు సెకన్లకు ఒకసారి వచ్చే మందగమనంలోకి మారుతుంది. ఇప్పుడు బల్బు తానే ఒక చిన్న వైఫైని తెరుస్తుంది, దాని పేరు `SmartLife` వంటి మాటతో మొదలవుతుంది. యాప్‌లో జత చేసే పేజీలో పద్ధతిని `AP Mode`కు మార్చి, ఫోన్‌ను ఆ వైఫైకి కలిపి, తిరిగి యాప్‌లోకి రావాలి. ఈ పద్ధతిలో ఫోన్ బల్బుతో నేరుగా 2.4లో మాట్లాడుతుంది కాబట్టి బ్యాండ్ తగాదా ఉండదు. ఫోన్ మాత్రం "ఈ వైఫైలో ఇంటర్‌నెట్ లేదు, కొనసాగాలా" అని అడుగుతుంది. కొనసాగాలనే చెప్పాలి, లేదా మొబైల్ డేటాను ముందే ఆపేయాలి. లేకపోతే ఫోన్ మనకు చెప్పకుండా మొబైల్ డేటాకు మళ్లిపోయి, యాప్ శూన్యంతో మాట్లాడుతూ ఉంటుంది. నేను గేటు దగ్గర పది నిమిషాలు పోగొట్టుకున్నది ఇక్కడే.

గేటు బల్బు రూటర్‌కు చాలా దూరం. నిచ్చెన మీద నిలబడి ఈ తతంగమంతా చేయడం కన్నా, బల్బు విప్పి తెచ్చి హాల్లో రూటర్ పక్కన ఏదైనా హోల్డర్‌లో పెట్టి జత చేసి, పని అయ్యాక తిరిగి బిగించడం సుఖం. స్విచ్ ఆర్పి, బల్బు చల్లారాక విప్పండి. అలా రూటర్ పక్కన పనిచేసి గేటు దగ్గర ఆఫ్‌లైన్ అయితే లోపం జతలో లేదు, దూరంలో ఉంది. మామయ్య కొత్త రూటర్‌ను కంపెనీ మనిషి ఇనుప బీరువా వెనక మేకుకు తగిలించి పోయాడు. దాన్ని కిటికీ వైపు టీవీ బల్ల మీదికి మార్చాక గేటు బల్బు నిలకడగా నిలబడింది.

జత చేసేటప్పుడు "ఈ వస్తువు వేరొక ఖాతాలో ఉంది" అన్న మాట వస్తే స్విచ్ ఎన్నిసార్లు వేసినా ప్రయోజనం లేదు. మొదట దాన్ని జత చేసిన వారు, అది హైదరాబాదులో ఉన్న మీ అబ్బాయి కావచ్చు, అద్దెకుండి వెళ్లినవారు కావచ్చు, తమ యాప్‌లోనుంచి దాన్ని తీసేయాలి. ఖాతా ఎవరిదో తెలియకపోతే కొన్నప్పటి రసీదుతో కంపెనీ సహాయ విభాగానికి రాయాలి.

మాటతో నడిపించే యాప్

బల్బు కంపెనీ యాప్‌లోకి తిరిగివచ్చిన తరువాతే దీని జోలికి పోండి. పాత పేరు పెట్టి తిరిగి తెచ్చిన వస్తువులు ఇక్కడ కూడా వాటంతట అవే లేస్తాయి. తీసేసి కొత్తగా జత చేసినది మాత్రం ఒక్కోసారి రెండుగా కనబడుతుంది, ఆఫ్‌లైన్‌లో ఉన్న పాత నీడ ఒకటి, పనిచేసేది ఒకటి. పాత నీడను తీసేయండి, లేకపోతే "గేటు లైటు వేయి" అన్నప్పుడు కబురు దానికి పోయి ఏమీ జరగదు. కొత్తది అసలు కనబడకపోతే గూగుల్ హోమ్‌లో గానీ అలెక్సాలో గానీ ఆ బల్బు కంపెనీ సర్వీసును ఎంచి, మళ్లీ లాగిన్ చేసి, వస్తువులను మళ్లీ వెతికించాలి.

అలా తీసేసిన వస్తువు టైమర్లను మాత్రం ఒక్కొక్కటిగా కొత్తగా రాయక తప్పదు. గేటు బల్బుకు 6:15, 5:30 రెండూ మళ్లీ పెట్టి, యాప్‌లో టైమ్ జోన్ మన దేశానిదే ఉందని చూసుకున్నాము. ఆ సాయంత్రం మామయ్య 6:10కే కుర్చీ వేసుకుని గేటు ఎదుట కూర్చున్నాడు. వరండా బల్బు 6:15కు వెలిగింది, గేటుది ఒకటి రెండు సెకన్ల తరువాత.